స్వర్ణ పేరుతో చేరినవాడు

తుఫాను హెచ్చరికతో జువ్వలదిన్నె బడి మూసేశారు. రహీమున్నీసా టీచర్ ఆన్‌లైన్ క్లాసు కోసం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టింది: "ముందు ప్లేస్టోర్‌లో మీటింగ్ యాప్ ఎక్కించుకోండి. తర్వాత కింది లింకు నొక్కండి. పేరు అడిగితే పిల్లల పేరు కొట్టి, జాయిన్ నొక్కండి. నేను రానిచ్చేదాకా ఆగండి."

ల్యాప్‌టాప్‌లో పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. తెలిసిన పేర్లే గదా అని అందరినీ రానిచ్చింది. స్వర్ణ పేరున్న గడి మాత్రం నల్లగా ఉంది.

"స్వర్ణా, కెమెరా పెట్టమ్మా."

అంతలో స్వర్ణ తల్లి మస్తానమ్మ ఫోన్ చేసింది.

"టీచరమ్మా, మాకింకా యాప్ ఎక్కలా. పాప నా పక్కనే ఉండాది. మీ లింకు మా వాళ్ల గ్రూపుల్లో కూడా పంపినా, ఎవరికన్నా ఉపయోగపడతాదని."

రహీమున్నీసా ఆ గడిని తీసేయబోయింది. అప్పుడే ఆ నల్లటి గడిలోంచి మగగొంతు మెత్తగా పలికింది.

"ఇంట్లో పెద్దోళ్లు లేని పిల్లలు చేతులెత్తండి చూద్దాం."

టీచరే అడిగించిందనుకుని ముగ్గురు చేతులెత్తారు. ఆమె వెంటనే క్లాసు ముగించేసింది. ఆ ముగ్గురి ఇళ్ల పక్కవాళ్లకు ఫోన్ చేసి, పిల్లల దగ్గర కూర్చోమంది. తర్వాత కొత్త లింకు తయారుచేసి, ఎవరికీ పంపొద్దని రాసి గ్రూపులో పెట్టింది.

నిమిషంలోనే అనుమతి కోసం మొదటి పేరు వచ్చింది. స్వర్ణ.

ఆమె మస్తానమ్మకు ఫోన్ చేసింది. "మస్తానమ్మా, చేరినారా?"

"ఇంకా లేదు టీచరమ్మా. లింకు ముట్టుకోలా, ఎవరికీ పంపలా."

అంటే వాడు తల్లిదండ్రుల గ్రూపులోనే ఉన్నాడు. ఆమె ఎవరినీ రానివ్వలేదు. తలుపు గడియ ఒకసారి చూసుకుని, పోలీసులకు ఫోన్ కలిపింది.