రాష్ట్ర పోటీల్లో కాటమయ్య ఫస్టు

లక్ష్మీనర్సయ్యకు ఆస్తిపాస్తులు లేవు గాని ఒక గర్వం ఉండేది. తాను పెట్టిన హెడ్డింగు మాత్రమే చదివి పత్రిక మడిచేసినవాడు కూడా మోసపోడని. పోచంపల్లిలో మగ్గం వదిలేసి నల్లగొండకు వచ్చి, వెంకటరాజం నడిపే వారపత్రికలో సబ్ ఎడిటరుగా కుదిరి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆటల పేజీ అతనిదే. ఆ పేజీ గురించి ఎవరైనా ఒక మంచి మాట అంటే ఆ పూట అన్నం కూడా సహించేది కాదు, కడుపు అంతగా నిండిపోయేది.

నిజానికి ఆ గర్వంలో న్యాయం లేకపోలేదు. రామన్నపేట వాలీబాల్ జట్టు చివరి సెట్టు పదిహేను పదమూడుతో గెలిస్తే, విలేఖరి "ప్రత్యర్థులను మట్టి కరిపించిన రామన్నపేట" అని రాసి పంపాడు. లక్ష్మీనర్సయ్య దాన్ని కొట్టేసి "రెండు పాయింట్లతో గట్టెక్కిన రామన్నపేట" అని పెట్టాడు. ఇంకోసారి భువనగిరి కబడ్డీ ఫైనలుకు అవతలి జట్టు రానేలేదు. భువనగిరివాళ్లు కప్పు నెత్తిన పెట్టుకుని ఊరేగి, ఘనవిజయమని రాయమన్నారు. "జట్టు రాలేదు, కప్పు వచ్చింది" అని పెట్టాడు. భువనగిరిలో నెల రోజులు తిట్టుకున్నారు, కాని ఆ సంచిక ఒక్కటీ మిగల్లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా జనం ఎగబడి చదువుతారని అతను ఇలాంటివి చూపించి వాదించేవాడు.

అటువంటి మనిషి పందొమ్మిదివందల అరవై ఒకటిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఏం చేశాడో చెప్పాలి.

నార్కట్‌పల్లి దగ్గర ఒక పల్లెలో కాటమయ్య అని గొల్లల పిల్లగాడు. ఇరవై ఏళ్లుంటాయి. తండ్రి లేడు, తల్లి సైదమ్మ. గొర్ల వెంట పరుగెత్తీ పరుగెత్తీ కాళ్లు సాగినవాడు. స్కూలు డ్రిల్లు మాస్టరు గుర్వయ్య వాడి పరుగు చూసి, జిల్లా పోటీలకు తీసుకుపోయి, అక్కడ గెలిచాక రాష్ట్ర పోటీలకని పట్నం తోలుకుపోయాడు. అరమైలు పరుగు. ఉరికేవాళ్లు ఎక్కువ కాబట్టి ముందు మూడు గుంపులుగా ఉరికించి, ఒక్కో గుంపులో ముందొచ్చినవాళ్లను ఏరి ఫైనలు పెడతారు. ఆ గుంపుల పరుగునే హీట్ అంటారు.

శుక్రవారం మధ్యాహ్నం గుర్వయ్య కొట్టిన తంతి వచ్చింది. రెండో హీట్‌లో కాటమయ్య మొదట, ఫైనల్ శనివారం సాయంత్రం అని ఉంది అందులో. పత్రిక శుక్రవారం అచ్చయి శనివారం పొద్దున బస్సులెక్కాలి. ఫైనలు దాకా ఆగే వీలు లేదు.

లక్ష్మీనర్సయ్య వార్త రాసి "అరమైలు ఫైనల్లో కాటమయ్య" అని పైన పెట్టాడు. పెద్ద టైపులో రెండు కాలాల మీద సరిగ్గా పదకొండు అక్షరాలు పడతాయి. ఇది పదకొండే.

వెంకటరాజం చదివి పెదవి విరిచాడు. చెడ్డవాడు కాదు. పత్రిక అమ్ముడుపోకపోతే నిద్రపట్టని మనిషి, అంతే.

"ఫైనల్ల అంటే ఎవలికి సమజైతది నర్సయ్యా? గెల్చిండా, ఓడిండా? బస్టాండ్ల నిలబడ్డోడు ఏం జూసి కొనాలె?"

"ఇంకా గెల్వలే గద సారు. రేపు ఉరుకుతడు."

"మొదట వచ్చిండా లేదా?"

"వచ్చిండు. హీట్ల."

"మరి గదే రాయి. అబద్ధం రాయమంటలేను. నీకు తెల్వని పనా ఇది? నీ చెయ్యి పడితే వార్త లేచి కూసుంటది."

ఆ చివరి మాటే కొంప ముంచింది. తిడితే ఎదురు తిరిగేవాడు, పొగిడితే కరిగిపోయాడు. పెన్సిలు అందుకుని, అక్షరాలు వేళ్ల మీద లెక్కపెట్టుకుని రాశాడు. "రాష్ట్ర పోటీల్లో కాటమయ్య ఫస్టు." అదీ పదకొండే. రాష్ట్ర పోటీలు నిజం. కాటమయ్య నిజం. ఫస్టు రావడం నిజం. మూడు నిజాలు పక్కపక్కన పెడితే ఒక అబద్ధం తయారైందని చేసినవాడికి బాగా తెలుసు. జాగా చాలక అలా పెట్టానని చెప్పుకోవడానికి కూడా లేదు. "హీట్‌లో కాటమయ్య ఫస్టు" అంటే తొమ్మిది అక్షరాలే, ఇంకా చోటు మిగిలేది. హీట్ సంగతి, శనివారం ఫైనలు సంగతి చిన్న టైపులో మూడో పేరాలో వేసి మనసుకు సర్ది చెప్పుకున్నాడు. వెంకటరాజం భుజం తట్టి టీ తెప్పించాడు. సిగ్గుచేటు ఏమిటంటే ఆ టీ అతనికి రుచిగానే ఉంది.

శనివారం మధ్యాహ్నానికల్లా పత్రిక ఒక్కటి మిగలకుండా పోయింది. అదే సాయంత్రం పట్నంలో కాటమయ్య నాలుగో వాడుగా వచ్చాడు. మూడో వాడికీ వీడికీ రెండడుగులు తేడా అని గుర్వయ్య తిరిగొచ్చి చెప్పాడు. బూట్లు లేకుండా ఉరికి, బూట్లేసుకున్న నలుగురిని వెనక వదిలాడు. అసలు చెప్పుకోదగ్గ సంగతి అదే.

తర్వాతి సంచికకు లక్ష్మీనర్సయ్య మంచి హెడ్డింగే తెచ్చాడు. "రెండడుగుల్లో తప్పిన మెడల్." కింద కాటమయ్యకు నాలుగో స్థానమని. వెంకటరాజం తల అడ్డంగా ఊపాడు.

"పోయిన వారం ఫస్టు అని, ఈ వారం నాలుగు అంటమా? నవ్వరా మనల్ని? నాలుగో పేజీల అయిదు లైన్లు వెయ్యి. రాష్ట్ర క్రీడలు ముగిసినయని. గెల్చినోళ్ల పేర్లుంటె చాలు."

"కాటమయ్య పేరు?"

"గెల్వలే గద."

లక్ష్మీనర్సయ్య పెద్ద పోరాటం చేశాడని చెప్పను. వెళ్లి అయిదు లైన్లు రాశాడు. అందులోనూ ఒక్క మాట తప్పు లేదు.

రెండు నెలలకు కాటమయ్య పత్రికాఫీసు గడపలో నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే చెప్పులు బయట విడిచి వచ్చి, నాలుగు మడతల కాగితం ఒకటి బల్ల మీద పెట్టాడు.

"ఇంగ్లీషుల ఉన్నది సారూ. ఊళ్లె ఎవలికీ సక్కగ తెలుస్తలేదు. జర చదివి చెప్పున్రి."

పట్నంలోని ఒక కార్ఖానా రాసిన జవాబు అది. తమ జట్టుకు ఉరికేవాళ్లు కావాలని, రాష్ట్ర పోటీల్లో మొదటి ఆరు స్థానాల్లో వచ్చినవాళ్లకు కొలువులిస్తామని ప్రకటించారు. కాటమయ్య దరఖాస్తు పెట్టుకున్నాడు. అరమైలులో మొదటి స్థానం వచ్చిందని నీవు రాశావు, పోటీల రికార్డులో నీది నాలుగో స్థానం, తప్పుడు సమాచారం ఇచ్చినందున దరఖాస్తు తోసిపుచ్చడమైనది. ఇంతే ఉంది. ఉత్తరానికి తోడుగా దరఖాస్తుతో పంపిన పత్రిక ముక్కను తిప్పి పంపారు. హెడ్డింగు వరకే కత్తిరించిన ముక్క. మూడో పేరా దాంట్లో లేదు.

లక్ష్మీనర్సయ్య ఉత్తరం చదివి తెలుగులో చెప్పాడు. ఆరుగురిలో నాలుగోవాడు ఉంటాడా ఉండడా అన్నది కాటమయ్య వేళ్లు ముడిచి లెక్కచూసుకున్నాడు.

"అంటే నాలుగు అని రాస్తే దొరుకుతుండెనా సారూ?"

"దొరుకుతుండె."

లక్ష్మీనర్సయ్య ఉత్తరాన్ని మళ్లీ మడతల్లో పెట్టాడు.

"నువ్వు ఫస్టు అని ఎందుకు రాయించినవ్ కాటమయ్యా?"

"నేను నాలుగనే చెప్పిన సారూ. తహసీలు కచేరి కాడ దరఖాస్తులు రాసే అంజయ్య లేడా, ఆయన ఇనలే. నాలుగో ఆయినకు సర్టిఫికెట్ ఇయ్యరు గద, మెడళ్లు వచ్చిన ముగ్గురికే ఇచ్చిండ్రు. కాయితం ఏమన్న ఉన్నదా అన్నడు. మీ పేపరు చూపిచ్చిన. గింత పెద్దగ ఫస్టు అని పడ్డంక నాలుగు అంటవేందిరా, పేపరోళ్ల కంటె నీకెక్కువ ఎర్కనా అని కోపం జేసిండు. నాక్కూడ అనుమానమయింది. హీట్ల వచ్చింది గిట్ల లెక్కేమో, మాకేం తెలుస్తది అనుకున్న."

వాడి గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండునని లక్ష్మీనర్సయ్యకు అనిపించింది. లోకంలో వాడు నాలుగోవాడని చెప్పే కాగితం ఒకటి ఉండవలసింది, రెండో వారం పత్రికలో. దాన్ని లేకుండా చేసిందీ తనే.

కాటమయ్యను కూర్చోమని చెప్పి వెంకటరాజం గదిలోకి పోయాడు. తప్పు మాదే, ఈ పిల్లవాడు అబద్ధమాడలేదని పత్రిక తరఫున కార్ఖానాకు రాయమన్నాడు.

"మనం అబద్ధమేడ రాసినం?" అన్నాడు వెంకటరాజం. "ఒక్క మాట చూపియ్యి. నువ్వు రాసిందే గద, నువ్వే చూపియ్యి."

లక్ష్మీనర్సయ్య గదిలోంచి బయటికి వచ్చేశాడు. ఒక్క మాటా పట్టుబడకుండా రాసినందుకే గదా ఆ రోజు టీ తాగింది. కార్ఖానాకు తన పేరు మీదే మామూలు కాగితంపై రాసి పంపాడు. పదిరోజులకు, ఖాళీలు నిండిపోయినవని ఒక కార్డు వచ్చింది.

ఈలోగా వెంకటరాజానికి వేరే ఆలోచన తట్టింది. గొల్ల పిల్లగాడు, బూట్లు లేనివాడు, చేతికందిన కొలువు పోయినవాడు. వార్తంటే ఇది. తనే పెన్సిలు తీసుకుని "కాటమయ్యకు పట్నంలో అన్యాయం" అని రాసి చూపించాడు.

లక్ష్మీనర్సయ్య చదివి, పోయి తన బల్ల దగ్గర ఇంకోటి రాసుకొచ్చాడు. "మా హెడ్డింగుతో పోయిన కొలువు." దానికింద జరిగింది జరిగినట్టు, హీట్ దగ్గర్నుంచి అంజయ్య దాకా, తన పేరుతో సహా.

వెంకటరాజం రెండుసార్లు చదివాడు. "నీ జన్మల ఇంత మంచి హెడ్డింగు పెట్టలే నర్సయ్యా" అన్నాడు. మెచ్చుకోలు నిజంగానే ఉంది ఆ మాటలో. తర్వాత కాగితాన్ని మడిచి సొరుగులో వేసి తాళం తిప్పాడు. "గీ ఒక్కటి వేస్తే రేపట్నించి మన పేపర్ల ఏది నిజమని అడుగుతరు జనం. నీకూ పిల్లలున్నరు, నాకూ ఉన్నరు."

ఆ శనివారం "కాటమయ్యకు పట్నంలో అన్యాయం" బస్సులెక్కింది. కొలువు రాలేదు, నిజం. పట్నంలోనే రాలేదు, నిజం. ఎందుకు రాలేదో పత్రికలో ఎక్కడా లేదు. లక్ష్మీనర్సయ్య ప్రూఫు దిద్దాడు. ఉద్యోగం మానేస్తానని రెండు రోజులు ఇంట్లో అన్నాడు, మూడో రోజు అనలేదు.

సోమవారం పొద్దున సైదమ్మ వచ్చింది. చేతిలో పెరుగు ముంత, ముంతకు గుడ్డ కట్టి ఉంది. ఆమెను అతను చూడటం అదే మొదలు.

"నువ్వేనా అయ్యా, మా కాటమయ్య దిక్కు రాసింది? సర్కారోడు పట్టిచ్చుకోలే, పట్నపోళ్లు పట్టిచ్చుకోలే. నువ్వొక్కనివే మా దిక్కు నిలబడ్డవ్. సల్లగుండు బిడ్డా."

అతను లేచి నిలబడ్డాడు. ఇంత మందిలో ఈమెకైనా చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేనని తెలిసిపోయింది.

"అవ్వా, అన్యాయం జేసింది పట్నపోళ్లు కాదు. నేను. నీ కొడుకు నాలుగో వాడుగ వచ్చిండు, ఆ ముచ్చట నేనే దాచిన. చెప్పి ఉంటే కొలువు వచ్చేది."

సైదమ్మ అతని వంక జాలిగా చూసింది, జ్వరం తగిలిన పిల్లవాణ్ణి చూసినట్టు.

"గదేం మాట అయ్యా. నీ తప్పున్నదని పేపర్ల ఏడున్నది? అంజయ్యతోని రెండు సార్లు చదివిపిచ్చుకున్న."

ముంత బల్ల మీద పెట్టి, బస్సు వేళవుతున్నదని వెళ్లిపోయింది.