బటన్ నొక్కితేనే

బరంపురంలో నేను పేటెంటు దరఖాస్తులు రాస్తాను. పొడంపేటలో పడవల రేడియోలు బాగుచేసే కొర్లయ్య, నీళ్లు తగలగానే తనంతట తానే వెలిగే లైఫ్‌జాకెట్ దీపం కనిపెట్టి నా దగ్గరికి వచ్చాడు. దరఖాస్తు మొదట్లో పెట్టడానికి అతను రాసుకొచ్చిన నేపథ్యం చదివితే ఒళ్లు మండింది. రెండు పేజీల నిండా సముద్రపు గొప్పలు, చివర "పాత దీపాలు సంతృప్తికరంగా లేవు" అని ఒక్క ముక్క.

"పాతదాంట్లో లోపమేమిటో సూటిగా చెప్పండి," అన్నాను.

అతను ఒళ్లో సంచి సర్దుకున్నాడు. పాత పేటెంటు రికార్డుల్లో నేనే వెతికితే, బటన్‌తో వెలిగే లైఫ్‌జాకెట్ దీపం కోసం నాలుగేళ్ల కిందట ప్రచురితమైన దరఖాస్తు ఒకటి దొరికింది. పెట్టింది కొర్లయ్యే.

అతని రెండు పేజీలూ కొట్టేసి, వాటి బదులు నేను రాసింది పైకి చదివాను: "పాత దీపం బటన్ నొక్కితేనే వెలుగుతుంది. స్పృహ తప్పి నీళ్లలో పడినవాడు దాన్ని నొక్కలేడు."

కొర్లయ్య సంచిలోంచి ఉప్పు పట్టిన దీపం తీసి బల్లమీద పెట్టాడు.

"మా తమ్ముడి జాకెట్‌దమ్మా. పోయినేడు తలకి దెబ్బ తగిలి పడవ మీంచి పడిపోనాడు. మూడో రోజుకి దొరికినాడు. దీపంలో తప్పేటీ నేదు, సూడండి."

నేను బటన్ నొక్కాను.

మొదటి నొక్కుకే వెలిగింది.