బుజ్జి పేరుతో వచ్చే టికెట్లు

మా కాలేజీ ఆడిటోరియంలో ఏ నాటకం వేసినా మూడో వరుసలో ఒక సీటు ఖాళీగా మిగిలేది. తలుపు దగ్గర నిలబడి టికెట్లు స్కాన్ చేసేది నేనే కాబట్టి ఒళ్ళు మండేది. బయట టికెట్ దొరకని పిల్లలు నా ప్రాణం తోడేస్తుంటే, లోపల బుక్ చేసుకున్న మహానుభావులు రారు.

టికెట్ల వ్యవహారమంతా మా ల్యాబ్ అసిస్టెంట్ బుజ్జి పెట్టిపోయినదే. ఆన్‌లైన్లో ఫారం నింపి పంపగానే ఆ వివరాలు షీట్‌లో ఒక వరుసగా చేరతాయి. వెంటనే వాడు రాసిన స్క్రిప్ట్ నిద్ర లేచి, టికెట్ నమూనాలో పేరు, సీటు నింపి, టికెట్ నంబరుతో క్యూఆర్ కోడ్ అతికించి, పీడీఎఫ్ చేసి మెయిల్ కొడుతుంది. తలుపు దగ్గర నేను ఆ కోడ్ స్కాన్ చేస్తే షీట్‌లో ఆ పేరు పక్కన ‘వచ్చారు’ అని పడుతుంది.

జ్వరమని సెలవు పెట్టినవాడు మళ్ళీ రాలేదు. మూడు పదులు కూడా నిండలేదు. స్క్రిప్ట్‌ని వాడు తన అకౌంట్ నుంచే నడిచేలా పెట్టాడు. అందుకని వాడు పోయాక కూడా మెయిళ్ళు వాడి పేరు మీదే వెళ్తున్నాయి. పని జరుగుతోంది కదా అని మేమెవరం పట్టించుకోలేదు. మా కాలేజీలో అంతే.

ఒకరోజు రానివాళ్ళెవరో చూద్దామని షీట్ తెరిచాను. ప్రతి నాటకానికీ ఒకటే పేరు. ‘అమ్మ’.

పక్కనున్న మెయిల్ అడ్రస్‌లో బుజ్జి ఇంటిపేరు ఉంది. మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ తలుపు తీసి, కుర్చీ మీది బట్టలు పక్కకి పెట్టి కూర్చోమంది.

"నాటకాలకి రావడం లేదేంటి పిన్నీ?"

"మోకాళ్ళతో ఆ మెట్లెక్కగలనా? నాకు నాటకాలెందుకమ్మా?" అని ఫోన్ నా చేతికిచ్చింది. వరసగా మెయిళ్ళు. ఒక్కోదాని పక్కన గుండ్రంగా బుజ్జి ఫోటో. ‘అమ్మ గారికి, మీ సీటు ఖాయమైంది. కాస్త ముందే రండి. ఇట్లు, బుజ్జి.’

"బతికుండగా ఒక్కనాడు గారు అన్న పాపాన పోలేదు వెధవ," అని నవ్వింది. "మెషిన్ పంపిస్తుందని తెలుసులే, నాకేం పిచ్చి పట్టలేదు. అప్పుడు పదిసార్లు చేస్తేగానీ ఫోన్ ఎత్తేవాడు కాదు. ఇప్పుడు నొక్కగానే పలుకుతున్నాడు."

సీటు సంగతి ఎత్తలేకపోయాను. కాఫీ తాగి వచ్చేశాను.

ఆ నెలలోనే కంప్యూటర్ విభాగం నుంచి నోటీసు వచ్చింది. కాలేజీలో లేనివాళ్ళ అకౌంట్లన్నీ తీసేస్తారట. పరుగెత్తాను.

"ఒక్కటి ఉంచండి సార్."

"పోయినవాళ్ళకి లైసెన్సులు కట్టమంటారా మేడమ్?" అన్నాడాయన, కళ్ళు తెరమీద నుంచి తిప్పకుండా. "ఫైళ్ళు మీ పేరు మీదికి మారుస్తాను. స్క్రిప్ట్‌ని నిద్ర లేపే ట్రిగ్గర్ మాత్రం మారదు. మీ లాగిన్‌తో మీరే కొత్తగా పెట్టుకోవాలి."

పెట్టుకున్నాను. నా తరఫున మెయిళ్ళు పంపడానికి స్క్రిప్ట్ అనుమతి అడిగితే ఇచ్చాను. ఇక మెయిళ్ళు నా అడ్రస్ నుంచి వెళ్తాయి. కానీ పంపేవాళ్ళ పేరుగా మనకి కావలసింది రాసుకునే వీలు స్క్రిప్ట్‌లో ఉంది. అక్కడ వాడి పూర్తి పేరు రాశాను. తప్పే, అయినా రాశాను. ముసలావిడ అడ్రస్ ఎక్కడ చూస్తుందిలే అనుకున్నాను.

ఫారం నింపి నాకే పంపుకుని చూశాను. టికెట్ వచ్చింది, కోడ్ స్కాన్ అయింది. పంపినవారి చోట ‘నేను’ అని ఉంది. నా అకౌంట్ నుంచి నాకే వస్తే అలాగే చూపిస్తుంది. బయటివాళ్ళకి ఎలా కనబడుతుందో చూడాలన్న బుద్ధి పుట్టలేదు. పనైపోయిందని ఊపిరి పీల్చుకున్నాను.

కొత్త నాటకానికి ఫారం తెరిచిన కాసేపటికే షీట్‌లో ‘అమ్మ’ వరుస పడింది. మెయిల్ వెళ్ళినట్టు గుర్తు కూడా పడింది. ఆ వెంటనే ఫోన్ మోగింది.

"టికెట్ వచ్చిందమ్మా," అంది.

"వచ్చిందా పిన్నీ? మంచిది."

"వాడి పేరే ఉంది. పక్కన నీ ఫోటో ఉంది. చీర కట్టుకుని నవ్వుతున్నావు."

కాలేజీ వార్షికోత్సవంలో దిగిన ఫోటో అది. నా అకౌంట్‌కి నేనే పెట్టుకున్నాను.

"నా కోసమే చేశావని తెలుసులే. బాధపడకు," అంది. "పాతవాటిల్లో కూడా వాడి మొహం పోయింది. ఆ గుండ్రటి చోట ఒక అక్షరం ఉంది, అంతే. మళ్ళీ వస్తుందా అమ్మా?"

"రాదు పిన్నీ."

"సరేలే," అంది. "ఈ సీటు ఎవరికైనా ఇచ్చెయ్యి. దీన్ని ఎలా రద్దు చెయ్యాలో వాడు నాకు చెప్పలేదు."