తేదీ ముందు శిలువ

ప్రతి ఆదివారం చర్చిలో గుండె మీద చెయ్యి కొట్టుకుంటూ "నా పాపమే, నా పాపమే" అని అందరితో పాటు నేనూ అంటాను. ఏ పాపం చేశానో గుర్తురాని వారాల్లో కూడా ఆ మాట అనవచ్చా? తప్పు ఎక్కడుందో తెలియకుండా క్షమించమని అడిగితే అది వినయమా, అబద్ధమా? ఫాదర్‌ని అడగాలని ఏళ్ల తరబడి అనుకుంటున్నాను. కొవ్వొత్తులు అమ్ముకునేదానికి ఇవేం సందేహాలంటారేమోనని ఊరుకున్నాను.

ఇన్ నది ఒడ్డున యాత్రికులు వచ్చే చిన్న ఊరు మాది. చర్చి వెనక సందులో నాకూ, మా ఆయన కాస్పర్‌కూ కొవ్వొత్తుల దుకాణం ఉంది. బాప్తిస్మానికీ, పెళ్లికీ, చావుకీ పేరూ తేదీ మైనంతో అద్ది ఇస్తాం.

మే నెలలో ఒక శుక్రవారం పొద్దున దుకాణం తెరవగానే కంప్యూటర్లో ఒక ఉత్తరం కనబడింది. పైన గౌరవవాచకం లేదు, కింద నమస్కారం లేదు. మా దేశంలో అలా రాశారంటే కోపం ఎంతవరకు వచ్చిందో అర్థం చేసుకోవచ్చు.

"ఎల్లుండి ఆదివారం మా బాబు విన్సెంజ్‌కి బాప్తిస్మం. మీరు పంపిన కొవ్వొత్తి నిన్న వచ్చింది. పేరు కింద శిలువ, శిలువ పక్కన తేదీ. తేదీ ముందు శిలువ ఎక్కడ వేస్తారో మీకు తెలియదా? సమాధి రాయి మీద! వాడు నెలలు నిండకుండా పుట్టాడు. గాజుపెట్టెలోంచి బయటపడి ఇంటికొచ్చి ఎన్నో రోజులు కాలేదు. ఆ కొవ్వొత్తి చూసి మా అత్తగారు కుర్చీలో కూలబడిపోయారు. ఏం చేస్తారో చెప్పండి. లేకపోతే మీ దుకాణం ఎలాంటిదో అందరూ చదివేలా రాస్తాను. వెరోనికా ఎడరర్."

ఆ శిలువని అద్దింది నా బొటనవేలే.

కాస్పర్ కళ్లద్దాలు సర్దుకుని పాత ఆర్డరు తీశాడు. "ఇదిగో చూడు బుర్గీ! 'తేదీ ముందు చిన్న బంగారు శిలువ' అని ఆవిడే రాసింది. అక్షరం పొల్లు పోలేదు. మన తప్పేముంది?"

"అడిగింది ఆవిడే."

"మరి? పేరు అద్దిన సరుకు వెనక్కి తీసుకోవాలని చట్టంలో కూడా లేదు. లే, జవాబు నేను రాస్తా. నువ్వు రాస్తే దుకాణం తాళం కూడా ఇచ్చేస్తావు."

రెండు వేళ్లతో టకటకా కొట్టి, గొంతు సవరించుకుని చదివాడు: "కొవ్వొత్తి మీ ఆర్డరు ప్రకారమే తయారైంది. మీకు బాధ కలిగినట్లయితే చింతిస్తున్నాము. మా బాధ్యత ఏమీ లేకపోయినా, కేవలం కులాంత్స్‌గా కొత్తది ఇవ్వగలము."

కులాంత్స్ అనే మాట మా వ్యాపారస్తులకు చాలా ఇష్టం. నీకు హక్కు లేదు, అయినా నా మంచితనం కొద్దీ ఇస్తున్నాను అని దాని అర్థం. చెయ్యి చాస్తూనే గడ్డం పైకెత్తినట్టుంటుంది.

"'కలిగినట్లయితే' ఏమిటి కాస్పర్? కలిగిందనే కదా ఆవిడ రాసింది."

"అది మర్యాద మాట."

"తప్పించుకునే మాట."

"సరే, తప్పు మాదే అని రాయి. రేపు ఇంటర్నెట్‌లో ఊరంతా అదే చదువుతుంది. వచ్చే ఏడాది చర్చివాళ్లు ఆర్డర్లు ఎవరికిస్తారో చూద్దాం."

ఆ భయం నాకూ ఉంది. కానీ అంతకంటే పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది. ఆదివారం ఆ తల్లి ఆ శిలువని చూస్తూ దీపం వెలిగిస్తుందా? లేక బిడ్డకు దీపమే లేకుండా పోతుందా? నవంబరులో చనిపోయినవాళ్లను తలుచుకునే పండుగ వస్తే వాళ్ల కొవ్వొత్తుల మీద తేదీ ముందు శిలువలు అద్దేది నేనే. ఆవిడ అడిగింది ఒక బొమ్మ. అది ఏ గుర్తు అవుతుందో ఆవిడకు తట్టకపోవచ్చు, నాకు తట్టాలి. ఒక్క ఫోన్ చేసి అడిగి ఉంటే సరిపోయేది.

కాస్పర్‌ని లేపి నేను కూర్చున్నాను. చెరిపి, రాసి, మళ్లీ చెరిపాను. చివరికి ఇలా పంపాను:

"గౌరవనీయులైన శ్రీమతి ఎడరర్ గారికి,

మాకు నేరుగా రాసినందుకు కృతజ్ఞతలు. మీ ఇంట్లోవాళ్లను అంతగా భయపెట్టినందుకు మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుతున్నాను. తేదీ ముందు శిలువ ఏమని అర్థమవుతుందో నేను గమనించి, అద్దే ముందు మిమ్మల్ని అడగవలసింది.

ఈ రోజే కొత్త కొవ్వొత్తి చేస్తాను. శిలువ పైన పెద్దగా ఉంటుంది, తేదీ కింద విడిగా ఉంటుంది. మధ్యాహ్నంలోగా ఫోటో పంపుతాను. మీరు సరేనన్నాకే అది దుకాణం దాటుతుంది. పోస్టును నమ్ముకోకుండా రేపు నేనే తెచ్చి ఇస్తాను. మీకు ఖర్చేమీ ఉండదు. మా కొవ్వొత్తి వద్దనుకుంటే మీ డబ్బు వెంటనే తిరిగి పంపుతాను. దుకాణం నంబరు కింద ఉంది, ఫోన్ నేనే తీస్తాను.

స్నేహపూర్వక నమస్కారాలతో,
నోట్‌బుర్గా లెహ్నర్"

కాస్పర్ భుజం మీదుగా చదివాడు. "ఆర్డర్లో ఆవిడే రాసిందన్న మాట ఎక్కడ?"

"ఆవిడకి తెలుసు. ఈపాటికి దాని గురించి తనని తానే తిట్టుకుంటూ ఉంటుంది. మనం కూడా ఎందుకు?"

కాస్పర్ బంగారు మైనపు రేకు తీసి అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెట్టడం మొదలుపెట్టాడు. చల్లగా ఉంటే రేకు కత్తికింద విరుగుతుంది. పొద్దున నా చేతులు మంచులా ఉన్నాయి.

జవాబు రాకుండానే పని మొదలుపెట్టాను. విన్సెంజ్‌లోని "జ్" రెండుసార్లు పాడైంది. యాత్రికులు వచ్చి బేరమాడి వెళ్తున్నారు. ఫోన్ మోగినప్పుడల్లా పని వదిలి పరిగెత్తాను. ఒకసారి మైనం వ్యాపారి, ఒకసారి మా వదిన. ఫోటో పంపాను. జవాబు లేదు.

"తినవే కొంచెం," అని కాస్పర్ రొట్టె ముక్క ముందుకు జరిపాడు. "ఉపవాసం చేస్తే ఇంటర్నెట్ త్వరగా నడుస్తుందా?"

సాయంత్రం దుకాణం మూసే వేళకు జవాబు వచ్చింది. "ఫోటో చూశాను. రేపు పదింటికి రండి. పాతదాన్ని పారేయలేకపోతున్నాం. దాని మీద వాడి పేరుంది." ఈసారి కింద నమస్కారం ఉంది.

కాస్పర్‌కి కంటి ఆపరేషన్ అయి వారమే అయింది, బండి నడపకూడదు; నాకు నడపడం రాదు. పక్కింటి రొట్టెల దుకాణం గోట్‌లీబ్‌ని అడిగితే, శనివారం అతనికి పనితో ఊపిరాడని రోజైనా, కూతురు హన్నాని దుకాణంలో కూర్చోబెట్టి బయల్దేరాడు.

ఎడరర్‌గారి వంటింట్లో కాఫీ ఇచ్చారు గానీ ఎవరూ నవ్వలేదు. వెరోనికా చిన్నపిల్లలా ఉంది, కళ్లకింద నలుపు. కొత్తదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. నేను మనసులో దేవమాతకు చెప్పే మంగళవార్త జపం చెప్పుకుంటూ నిలబడ్డాను.

"శిలువ వేయమన్నది నేనే," అంది ఉన్నట్టుండి. "మీ ఉత్తరంలో ఆ మాట ఉంటుందని వెతికాను. లేదు."

"చూడాల్సింది నేనమ్మా."

పాతదాన్ని బల్ల మీద పెట్టింది. "దీన్ని తీసుకెళ్లి కరిగిస్తారా?"

"ముందు పేరుని చేత్తో తీసి, తర్వాత కరిగిస్తాను."

"పేరు తీయొద్దు." ఆమె కొవ్వొత్తిని నా వైపు జరిపింది. "ఆ శిలువని తీయండి. ఇక్కడే, నా ముందే."

చిన్న కత్తి మొన అడుగున పెట్టి మెల్లగా లేపాను. శిలువ ముక్కలు కాకుండా ఊడి వచ్చింది. కొవ్వొత్తి మీద లేత గీత మిగిలింది. ఆమె ఆ చోట బొటనవేలు పెట్టి అది నునుపయ్యేదాకా రుద్దింది. అత్తగారు పక్కగదిలోంచి బాబుని తెచ్చి నాకు ఎత్తుకోమని ఇచ్చారు. వాడు రొట్టెముద్దంత బరువు కూడా లేడు.

తిరుగు దారిలో గోట్‌లీబ్‌కి థాంక్స్ చెప్పబోయాను.

"నోరు మూసుకో బుర్గీ," అన్నాడు రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా. "మా హన్నా చిన్నప్పుడు మొదటి సత్ప్రసాదం తీసుకునే రోజు చర్చి మెట్ల మీద దాని కొవ్వొత్తి విరగ్గొట్టుకుంటే, ఏప్రన్‌లో కొత్తది పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది ఎవరు? దానికిప్పుడు ఇద్దరు పిల్లలు. ఇన్నేళ్లూ ఎదురుపడ్డప్పుడల్లా బాకీ ఉన్నట్టే తలొంచుకున్నాను. ఈ రోజుతో తీరింది."