సముద్రం కనబడే గది

ధర్మవరంలో మగ్గమున్న ఇంటికి సెలవంటే క్యాలెండరులో ఎర్ర అంకె కాదు. మగ్గం మీదున్న వార్పు, అంటే చీరల నిలువు పోగుల వరస, అయిపోవాలి. ఆఖరి చీర కోసి మడిచి ఇచ్చేసినాక, పాత పోగుల కొసలకు కొత్త వార్పు పోగులు అతికేదాకా నాలుగైదు రోజులు చేయి ఖాళీ. పెళ్లికి పోవాలన్నా, పన్ను పీకించుకోవాలన్నా ఆ నాలుగైదు రోజుల్లోనే. ఒకసారి అతికినారంటే మళ్లీ రెండు నెలలు మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాల్సిందే. తిప్పమ్మ పెళ్లయిన నాటినుంచీ, అంటే ముప్పై ఏళ్లుగా, అట్లాగే బతికింది.

ఆ తిప్పమ్మ ఒక్కటే అడిగింది. కార్తీకంలో సముద్రస్నానం చేయాలని. సముద్రాన్ని ఆమె టీవీలో తప్ప చూడలేదు.

అడిగింది కూతురు అశ్వినిని. ఆ ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి అశ్విని. రైల్వేస్టేషను దగ్గర సురేంద్ర అనే ఆయన నడిపే ట్రావెల్స్ ఆఫీసులో మూడేళ్లుగా పని చేస్తోంది.

"కార్తీకం వద్దమ్మా" అంది ముందే. "అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆపక్క తుపాన్ల కాలం. జనవరి ఆఖర్లో పోదాం."

"జనవరికి వార్పు నడుమ ఉంటాం కదే. నడుమ నిలిపి యాడ పోయేది?"

అందుకే అశ్విని వేరే దారి వెతికింది. వద్దని కాకుండా, మార్చుకునే వీలుండేలా పథకం వేసింది. వీధిలోని నాలుగు కుటుంబాలు కలిసి బాపట్ల దగ్గరున్న సూర్యలంక బీచికి పోవాలి. శుక్రవారం సాయంత్రం బస్సు, శనివారం పొద్దున సముద్రం. గదులు మాత్రం, బయల్దేరే రోజుకు రెండు రోజుల ముందు దాకా, అంటే బుధవారం సాయంత్రం దాకా రద్దు చేసుకుంటే కట్టిందంతా వాపసు వచ్చే రకం. బస్సు ఊళ్లోనే బండి తిప్పే చెన్నప్పది, ఒక రోజు ముందు చెప్తే తేదీ అయినా మారుస్తానని, లేదా మైసూరు దారి పడతానని ఒప్పుకున్నాడు. ప్రయాణ బీమా కూడా గదులు తీసుకునే రోజే తీసుకుందామని వీధిలో చెప్పింది. తుపాను సంగతి బయటపడినాక తీసుకునే బీమా ఆ తుపానుకు పనికిరాదని కూడా వివరించింది. బీమా మాటకు ఎవరూ తల ఊపలేదు. గదుల మాటకు మాత్రం అందరూ ఊపినారు. నీ మాట మీదే పోతాండామమ్మా అన్నారు.

సోమవారం బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని వార్త వచ్చింది. మంగళవారానికి అది వాయుగుండమైంది.

ఆ మాట విన్న వీధి సంతోషపడింది. అనంతపురం గడ్డ మీద అంతే. ఆపక్క తుపాను అంటే ఈపక్క ఉలవచేనుకు నాలుగు చినుకులు. పక్కింటి శివప్ప అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటూ అడిగాడు.

"ఏం పాపా, వాయుగుండమంట. మనకేమన్నా పడతాదా?"

"మనకు పడేది తరువాత, చిన్నాయనా. మనం పోయే చోట పడతాది."

"పడతాదంటారు. పోయిన నెల గూడా పడతాదనే అన్నారు. ఆకాశం తుడిచినట్లుండె."

అశ్విని తొందరపడలేదు. సోమవారమే రద్దు చేస్తే, అది సముద్రంలోనే బలహీనపడిపోతే, అమ్మ ఖాళీ రోజులు ఊరికే పోతాయి. వాతావరణ శాఖ వేసే పటంలో తుపాను దారి ఒక గీతగా ఉంటుంది. నమ్మాల్సింది ఆ గీతను కాదు, గీతకు అటూ ఇటూ రంగు వేసిన వెడల్పును. మంగళవారం ఆ వెడల్పు నెల్లూరు నుంచి కాకినాడ దాకా ఉంది. బుధవారం పొద్దుటికి ఒంగోలుకూ మచిలీపట్నానికీ నడుమకు కుంచించుకుంది. తీవ్ర వాయుగుండం, రాత్రికి తుపానుగా మారవచ్చు, శనివారం రాత్రి తీరం దాటవచ్చు. సూర్యలంక సరిగ్గా ఆ నడుమనే ఉంది. బీచికి ఎవరినీ రానివ్వరని మధ్యాహ్నానికి టీవీలో చెప్పినారు.

సాయంత్రం నాలుగింటికి ఇంట్లోనే, అమ్మ పక్కన కూర్చుని హోటలుకు ఫోన్ చేసింది. అమ్మకూ వినపడనీ అని స్పీకరు పెట్టింది. ఇంకా రెండు గంటల గడువుంది.

అవతల ఒకామె నెమ్మదిగా వెతికింది. "మీ బుకింగుకి రద్దు లేదండీ."

"ఉండాది మేడం. ఈరోజు ఆరు దాకా."

"ముందు అలాగే ఉండేదండీ. పది రోజుల కిందట మార్పించారు కదా. నాలుగూ పై అంతస్తులో, సముద్రం కనబడే గదులు కావాలన్నారు. అవి పూర్తిగా ముందే కడితేనే ఇస్తామండీ. తేదీ మారదు, వాపసు లేదు. చెప్పే ఇచ్చాం."

"ఎవరు మార్పించినారు?"

"మీ ఆఫీసు సురేంద్ర గారండీ. పక్కనే మీ నాన్నగారు కూడా మాట్లాడారు. మార్కండేయ గారని రాసుంది."

అశ్విని ఫోన్ పెట్టేసింది. తిప్పమ్మ కోసిన చీర అంచు మడత సరిచేస్తూ ఉండిపోయింది.

ఆఫీసుకు పోయి అడిగితే సురేంద్ర దాచలేదు. "మీ నాయనే వచ్చినాడమ్మా. ఆమెకు మంచం మీద నుంచే సముద్రం కనపడల్ల అన్నాడు. నీకు చెప్తే ఒప్పుకోవని, చెప్పొద్దన్నాడు. పెద్దాయన మాట, నేనేం చేసేది?"

"గడువు పోయిందనైనా చెప్పింటే సరిపోతాండె కదన్నా. మూడు రోజులుగా నేను మీ ఎదురుగానే కూర్చుని పటం చూస్తాండా."

"తుపాను వస్తాదని ఎవురు కలగన్నారు?"

ఆమె కలగనలేదు. లెక్కలోకి తీసుకుంది. ఆ రెండింటికీ తేడా తెలియని మనిషి దగ్గర మూడేళ్లు పని చేసినట్లు అప్పుడు తెలిసింది.

తండ్రి మార్కండేయ చీరలు ఇచ్చేసి దీపాలవేళకు వచ్చాడు. అశ్విని గుమ్మంలోనే అడిగింది.

"గదులు మార్పించినావా నాయనా?"

ఆయన చెప్పులు విడవడానికి చాలాసేపు పట్టింది. "మీయమ్మకు చూపించల్లని. కిందగది అయితే కిటికీలోంచి గోడ కనపడతాదంట."

"నన్నొక మాట అడిగింటే?"

"అడిగితే నువ్వు వద్దంటావు. నీకు అన్నీ భయమే. వాన వస్తాదని చెప్పిన రోజు మనకు యాడొచ్చింది చెప్పు? నా చిన్నప్పటి నుంచి చెప్తానే ఉండారు."

"ఈడ రాని వానా, ఆడ వచ్చే తుపానూ ఒకటి కాదు నాయనా."

మాట పూర్తి కాకముందే శివప్ప వచ్చాడు, వెనకాలే మిగిలిన రెండిళ్లవాళ్లు. రద్దు చేసినావా, దుడ్లు ఎప్పుడొస్తాయని అడగడానికి. అశ్విని నిలబడి చెప్పింది. రద్దు కాదని. వాపసు లేదని.

శివప్ప అరుగు ఎక్కి ముందుకు వచ్చాడు.

"ఏందమ్మా ఇది. నువ్వు కదా చెప్పింది, బుధవారం దాకా ఎప్పుడైనా మార్చుకోవచ్చని. సెల్లులో గాలి యాడుందో చూసేదానికి వచ్చు, గదులు చూసేదానికి రాలేదా?"

"మీ మాట నమ్మి మేం వార్పు అతకకుండా పెట్టుకోని కూచున్యాం" అంది ఇంకొకామె.

అశ్విని తండ్రివైపు చూసింది. ఆయన చెప్తాడు అనుకుంది. చెప్పడానికి ఎంతసేపు పడుతుంది, నేను మార్పించినానప్పా అని. ఆయన గోడకు ఆనుకుని, ఖాళీ మగ్గం వైపు చూస్తూ నిలబడ్డాడు. వంటింటి గుమ్మంలో తిప్పమ్మ కూడా ఆయనవైపే చూస్తోంది. శివప్ప ఇంకో రెండు మాటలు అన్నాడు, డిగ్రీ గురించి. మార్కండేయ అప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"అయింది అయిపాయ. హోటలు తెరిచే ఉండాదంట కదా. పోదాం. నీళ్లలో దిగకపోయినా కిటికీలోంచి చూసి వద్దాం."

అంతే. కూతురి మీద పడ్డది అక్కడే వదిలేసి, దాని మీదుగా దాటి వెళ్లిపోయాడు.

"దారిలో చెట్లు పడతాయి" అంది అశ్విని. "కరెంటు పోతే రెండు మూడు రోజులు రాదు. రోడ్డు మూస్తే ఆడే ఇరుక్కుంటాం. చెన్నప్పన్న మాట ఇంకా ఉండాది. మైసూరు పోవచ్చు, లేదంటే పై వారం…"

"మైసూరులో సముద్రం ఉండాదా?" అన్నాడు శివప్ప. ఎవరో నవ్వారు. పోదామనే తేలింది. కట్టిన దుడ్లు కళ్లముందు ఉన్నాయి, తుపాను లేదు.

గదులు మార్పించింది ఎవరో అశ్విని బయటపెట్టలేదు. పెడితే తండ్రి నలుగురిలో తలదించుకోవాలి. ఆయన మాత్రం ఆమె తల దించి ఊరుకున్నాడు. ఇది లోపల ఒకటికి పదిసార్లు తిరిగింది.

గురువారం పొద్దున చెన్నప్ప ఫోన్ చేశాడు. "ఏమ్మా, మీ నాయన ఆపక్కకే అంటాండాడు. నువ్వేమంటావు? బండి నాది, ప్రాణమూ నాదే. నీ మాట కావల్ల."

"ఒక గంట ఆగన్నా" అని లోపలికి వచ్చిన అశ్విని గుమ్మంలోనే ఆగిపోయింది.

తిప్పమ్మ మగ్గం దగ్గర కూర్చుని ఉంది. మూలన మూటగా పెట్టిన కొత్త వార్పు విప్పి పరిచింది. పక్కన చిప్పలో బూడిద. వేలికొసలకు బూడిద అద్దుకుని, పాత పోగు కొసా కొత్త పోగు కొసా కలిపి మెలిపెడుతోంది. అప్పటికే చేతివెడల్పు అతికింది. ఇంకా వేల పోగులున్నాయి, కానీ మొదలుపెట్టిన అతుకు నడుమలో వదిలి ఎవరూ లేవరు. మొదలైందంటే ఇంట్లో ఇంకొకరు అవతల కూర్చుని పోగు అందించాలి.

మార్కండేయ స్నానం చేసి తువ్వాలుతో వచ్చాడు. "ఏందిది? రేపు పోవల్ల కదా."

"నువ్వు పో" అంది తిప్పమ్మ, తల ఎత్తకుండా. "కిటికీ నీదే కదా."

ఆయన తువ్వాలు భుజం మీద వేసుకుని నిలబడ్డాడు.

"నేను కిటికీ అడిగినానా? నీళ్లలో నిలబడల్ల అన్యా. అది నా బిడ్డ జాగ్రత్తగా కుదిర్చింది. మూడు రోజులు దాన్ని ఎదురుచూడనిచ్చి, రాత్రి నలుగురూ దాన్ని అంటాంటే గోడకానుకోని ఉంటివి."

"అమ్మా, పై వారం పోదాం" అంది అశ్విని. "తుపాను దాటినాక తెరిపి ఇస్తాది. ఒక్క వారం అతకకుండా ఉంటే…"

"ఇంగ చాల్లే మా" అంది తిప్పమ్మ.

ఆ ఒక్క మాటతో అశ్విని కుదిర్చిన ఆఖరి వీలు కూడా అతుక్కుపోయింది. ప్రయాణాన్ని తుపాను ఆపలేదు, హోటలు ఆపలేదు. అమ్మ వేళ్లు ఆపేసినాయి. అశ్విని బయటికి వచ్చి, బండి వద్దని చెన్నప్పకు చెప్పింది.

పదింటికి శివప్ప సంచి కొనుక్కుని వచ్చి, గుమ్మంలోంచి మగ్గం చూసి నోరు తెరిచాడు. "ఇదేందన్నా, అతుకు పెట్టుకున్యారే?"

మార్కండేయ భార్యకు ఎదురుగా కూర్చుని పోగులు అందిస్తున్నాడు. వేళ్లకు బూడిద. చేతిలోని పోగు చూస్తూ అన్నాడు.

"పోవడం లేదప్పా. గదుల విషయంలో… పాప తప్పేం లే."

శివప్ప ఆగాడు, తరువాతి మాట కోసం. అశ్విని కూడా ఆగింది. తిప్పమ్మ చేయి ఒక్క క్షణం నిలిచింది.

మార్కండేయ ఇంకో పోగు తీసి ముందుకు చాచాడు. తప్పు పాపది కాకపోతే మరి ఎవరిదో, ఆ మాట రాలేదు. తిప్పమ్మ పోగు అందుకుని మెలిపెట్టింది.

ఆదివారం ధర్మవరంలో సన్నటి తుంపర పడింది. శనివారం రాత్రి తీరం దాటిన తుపాను తోక అది. టీవీలో బాపట్ల రోడ్ల మీద పడిన చెట్లు, ఒరిగిన కరెంటు స్తంభాలు చూపించారు. శివప్ప అరుగు మీద నుంచే అరిచాడు, పాపా, వాన నిజంగానే వచ్చిందే అని. తడిగాలికి పట్టు పోగులు అంటుకుపోకుండా అశ్విని అమ్మ అడిగిన గుడ్డ తెచ్చి కిటికీకి అడ్డం కట్టింది. తండ్రి ఒక కొస పట్టుకోబోయాడు. ఆమె రెండు కొసలూ తానే కట్టింది.