ముందే పడిన టిక్కు

ప్రదర్శన మొదటిరోజు వినికిడి యంత్రాల స్టాలు ముందు ఇసక వేస్తే రాలనంత జనం. కంపెనీ మేనమామది కాబట్టి స్కానింగు పని మేనకోడలి నెత్తిన పడింది. వచ్చినవాళ్ల మెడలో వేలాడే బ్యాడ్జీని ఫోనుతో స్కాన్ చేస్తే పేరూ నంబరూ పనిచేసే చోటూ వచ్చేస్తాయి. కిందనే ఒక చిన్న గడి: 'వివరాలు భాగస్వామి కంపెనీకి ఇవ్వడానికి ఒప్పుకున్నారు'. అడిగి, సరేనంటేనే అందులో టిక్కు పెట్టాలి. ఒక్కొక్కరినీ అడుగుతూ కూర్చుంటే తెల్లారినట్టే అనుకుని, ఆవిడ పొద్దున్నే సెట్టింగుల్లో ఆ టిక్కు దానంతటదే పడేలా చేసేసింది. అదో తెలివి!

పదకొండింటికి ఒక పెద్దాయన వచ్చాడు. బళ్లో పిల్లలకు సంగీతం చెప్పే మాస్టారు.

"రెండు చెవులూ మందగిస్తున్నాయమ్మా. బళ్లో తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. నా పేరు ఎక్కడికీ వెళ్లదు కదా?"

"వెళ్లదు మాస్టారూ. ధరల పట్టిక పంపడానికే," అంది. 'రెండు చెవులూ' అని నోట్సులో రాసుకుంది. గడి వైపు చూడనేలేదు.

ఆ సాయంత్రం టిక్కు ఉన్న పేర్లన్నీ, పక్కన రాసిన నోట్సుతో సహా, బ్యాటరీలమ్మే భాగస్వామి కంపెనీకి వెళ్లిపోయాయి.

మర్నాడు ధరల పట్టికలు పంపుతుంటే మాస్టారి పేరు పక్కన టిక్కు కనబడింది. ఆవిడ మేనమామని పిలిచి చూపించింది.

"పోన్లే అమ్మాయ్, బ్యాటరీల వాళ్లు ఫోన్ చేస్తే కొంపలు మునుగుతాయా?" అన్నాడు మేనమామ నవ్వుతూ.

"ఒప్పుకున్నది స్టాలుకి వచ్చినవాళ్లు కాదు మావయ్యా, నేను. ఎవరు ఒప్పుకునేవాళ్లో, ఎవరు కాదో నాకే తెలీదు."

మేనమామ నవ్వు ఆగిపోయింది. ఆవిడ వెంటనే భాగస్వామి కంపెనీకి ఫోన్ చేసి, జాబితా మొత్తం తీసేయమనీ, తీసేసినట్టు రాసి పంపమనీ అడిగింది. అలాగే అన్నారు. మాస్టారి పేరు చెప్పి, ఈయనకి ఫోన్ చేశారా అని కూడా అడిగింది.

"ఆ మాస్టారితో మాత్రం ఇందాకే మాట్లాడాం," అన్నారు.

ఆవిడ తమ జాబితాలోంచీ మాస్టారి వివరాలు తీసేసి, పరుగున ఆయన బడికి వెళ్లింది. సంగీతం గదిలో మాస్టారు ఒక్కడే బెంచీలు సర్దుకుంటున్నాడు. ఆవిడ దగ్గరికెళ్లి, గొంతు పెంచి, జరిగిందంతా దాచకుండా చెప్పింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే నాకు వినబడదమ్మా. అందుకే స్పీకర్లో పెడతాను," అన్నాడు ఆయన. "పాఠం మధ్యలో వచ్చింది. 'మీ రెండు చెవులకీ బ్యాటరీలు' అని పెద్దగా చెప్పారు. ముప్పైమంది పిల్లలు విన్నారు. హెడ్మాస్టరు గారు నాలుగింటికి రమ్మని కబురు పెట్టారు."

"మీ వివరాలు తీసేయించాను మాస్టారూ. మా దగ్గరా లేవు, వాళ్ల దగ్గరా లేవు."

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆవిడకి కాస్త ఊరటగా ఉండేది.

"పిల్లలు విన్నది కూడా తీసేయించగలవా అమ్మా?" అని అడిగాడు.

గోడమీద గడియారం నాలుగుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. మాస్టారు కండువా సర్దుకుని హెడ్మాస్టరు గది వైపు నడిచాడు.