కుంటుతున్న గడియారం

ఆమె అక్కకు కోపం వచ్చింది. "మొగుడు నీ మాట వినడం కూడా తప్పేనటే? సుఖాన ఉన్న ప్రాణాన్ని దుఃఖాన పెట్టుకోవడం నీకు అలవాటు!" అంది ఫోన్లో.

"మాట వినేవాడు వేరు, వంతపాడేవాడు వేరు," అని ఆమె ఫోన్ పెట్టేసింది. తప్పో ఒప్పో, తన మాట మీద తను నిలబడే మనిషి.

వారమంతా కళ్ళద్దాల షాపులో పని. ఆదివారం వస్తే భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి గోడ గడియారాలు విప్పుతుంది. చిన్నప్పటి నుంచీ అదే పిచ్చి. వచ్చే నెల ఉద్యోగం మానేసి గడియారాల రిపేరు కొట్టు పెట్టబోతోంది.

చిక్కంతా మొగుడితో. అతను ఈత నేర్పే కోచ్. పెళ్ళైన ఏడాది పాటు గడియారాలంటే ఆమడ దూరం ఉండేవాడు. రెండు నెలల క్రితం చిన్న గొడవలో ఆమె "మనిద్దరికీ మాట్లాడుకోవడానికి ఏముంది?" అని నోరుజారింది. అంతే, మర్నాటి నుంచే కంటికి భూతద్దం తగిలించుకుని పక్కన కూర్చున్నాడు. మూడు చెంచాల పంచదార వేసుకునేవాడు ఆమెలాగే చేదు కాఫీ తాగడం మొదలుపెట్టాడు. శనివారాల క్యారమ్ ఆట మానేశాడు. ఇప్పుడేమో, "నేనూ రాజీనామా చేసి నీ కొట్లోనే ఉంటా," అంటున్నాడు. ఉత్తరం కూడా రాసేశాడు. రేపు ఇవ్వాలి.

ఎవరైనా మురిసిపోయేవాళ్ళు. ఆమెకు మాత్రం ఒళ్ళు మండింది. ఎందుకంటే అతను ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పడు. ముందు ఆమె ముఖం చూస్తాడు, ఆ తర్వాతే నోరు తెరుస్తాడు. ఆమె 'బాగుంది' అంటే 'అద్భుతం' అంటాడు. ఆమె ఇంట్లో లేనప్పుడు ఒక్కసారైనా ఆ గడియారాల పనిముట్ల డబ్బా తెరిచి చూశాడా అంటే, తెరిచిన జాడే లేదు. ఇలాంటి మనిషి తన కోసం ఈత వదిలేస్తే, పదేళ్ళ తర్వాత ఆ కసంతా తన నెత్తి మీదే పడుతుందని ఆమెకు తెలుసు.

అందుకే గురువారం హాల్లోని లోలకం గడియారం అడుగుభాగాన్ని కావాలనే కాస్త కుడికి జరిపింది. గడియారం నిటారుగా లేకపోతే లోలకం ఒక పక్కకు ఎక్కువ ఊగుతుంది, ఒక మనిషి కుంటుతూ నడిచినట్టు టిక్‌కీ టక్‌కీ మధ్య ఎడంలో తేడా వస్తుంది. కొన్నాళ్ళకు ఆగిపోతుంది కూడా. చెవి పెట్టేవాడికి దాగని సంగతి.

ఆదివారం పొద్దున అడిగింది. "దీని చప్పుడు భలే బాగుంది కదూ?"

అతను ఆమె ముఖం చూశాడు. "అద్భుతంగా ఉంది."

ఆమె బల్ల మీది ఉత్తరం తీసి అతని ముందు పడేసింది. "అయితే ఇది రేపు ఇవ్వడానికి వీల్లేదు. నాకు తానా అంటే తందానా అనేవాడు అక్కర్లేదు. కోచ్ గారూ, మీకేది ఇష్టం లేదో ఇప్పుడే చెప్పండి. ఒక్కటైనా చెప్పేదాకా నేనిక్కడి నుంచి కదలను."

"అన్నీ ఇష్టమే..."

"అబద్ధం!"

అతని మెడ ఎర్రబడింది. "సరే, విను! ఆ కాఫీ కషాయం! పడగ్గదిలో ఏడు గడియారాలు టిక్కుటిక్కు మంటుంటే నాకు నిద్ర పట్టదు! క్యారమ్ లేక నా శనివారాలు చచ్చిపోయాయి! మా నాన్న కోపిష్టి, ఆయన ముఖం చూశాకే నేను అన్నం బాగుందో లేదో చెప్పేవాణ్ణి. నువ్వు 'మాట్లాడుకోవడానికి ఏముంది' అన్నప్పుడు, వెళ్ళిపోతావేమోనని భయమేసింది." ఊపిరి పీల్చుకున్నాడు. "ఇంకోటి, ఆ గడియారం కుంటుతోంది. గురువారం నుంచి. గడ్డం గీసుకుంటూ విన్నాను. అడుగు కుడికి జరిగింది."

"మరి బాగుందన్నావేం?"

"నువ్వు బాగుందన్నావుగా!"

కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "ఎలా పట్టుకున్నావు?"

"రోజంతా కొలను గట్టున నిలబడి పిల్లల చేతుల లయే వింటాను. ఎవరికి ఒక చెయ్యి వెనకబడిందో చూడకుండా చెప్పగలను." అతను ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేశాడు. "ఈత మాననుగాక మానను. ఆదివారాలు మాత్రం ఈ గడియారాలు వింటాను. ఇది నిజంగా బాగుంటుంది."

"అయితే వెళ్ళి సరిచెయ్యి."

అతను గోడ దగ్గరికి వెళ్ళి, చెక్కకు చెవి ఆనించి, అడుగు భాగాన్ని మెల్లగా ఎడమకు జరిపాడు.

"చాలు, అక్కడితో ఆపు," అంది ఆమె.

"లేదు. ఇంకొంచెం."

"నాకు తెలీదా? చాలన్నానా!"

"చాల్లేదు," అన్నాడతను, ఇంకో వెంట్రుకవాసి జరుపుతూ. టిక్కూ టక్కూ సమానమయ్యాయి. అతను ఈసారి ఆమె ముఖం వైపు చూడనే లేదు.